కవర్ల కవరు

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు ఇంటికొచ్చింది. డిగ్రీ చదువుతోంది. కాలేజీలో రీసైక్లింగ్ మీద ముప్పై సెకన్ల షార్ట్ వీడియో పోటీ పెట్టారట. వస్తూనే చెప్పులు విప్పి నేరుగా వంటింట్లోకి పోయింది.

"పెద్దమ్మా, నీ తలుపు వెనకాల కవర్ల కవరు ఉంటుంది కదా, అది ఇవ్వు. వాటితో పూలు చేసి, పాత సీసాలో పెట్టి, వీడియో తీస్తా."

కవర్ల కవరు అంటే ఏంటో మీకు చెప్పనక్కర్లేదు. చైతన్యపురి నుంచి ఎల్బీనగర్ దాకా ఏ ఇంటి వంటింట్లోకి వెళ్లినా తలుపు వెనకో, సింకు కిందో, గ్యాస్ బండ పక్కనో ఒక పెద్ద కవరు వేలాడుతుంటుంది. దాని కడుపు నిండా చిన్న కవర్లు ఉంటాయి. పారేయడానికి మనసొప్పదు, వాడదామంటే అన్ని అవసరాలుండవు. మా అత్తగారు వాటిని కడిగి, ఆరేసి, సమోసాలా మడిచి మరీ దాచేవారు.

ఆ రోజు దాన్ని కింద బోర్లించి లెక్కపెట్టాం. 143 కవర్లు. పిల్ల సంబరపడింది. నాకు మాత్రం ఒళ్లు మండింది, కవర్ల మీద కాదు, ఆ పూల మీద.

ఎందుకంటే ఈ పూల వీడియోలు నేను వందల్లో చూశాను. కవరుతో గులాబీ, కవరుతో తోరణం, కవరుతో డోర్‌మ్యాట్. ఆ గులాబీ టీవీ పక్కన ఆరు నెలలు దుమ్ము పట్టి, దసరా శుభ్రాల్లో చెత్తబుట్టలోకి పోతుంది. కవరు చెత్తలోకి పోవడం ఆరు నెలలు వాయిదా పడింది, అంతే. ఈలోపు కొత్తగా ఇంకో రెండు వందల కవర్లు ఇంటికొచ్చేశాయి. పైగా ఆ పూలు చేసే పని ఎవరిది? మనదే. మధ్యాహ్నం ఓ కునుకు తీసే గంటలో కూర్చుని బజారు పంపిన చెత్తకు రేకులు కత్తిరించాలా?

"మరి రీసైక్లింగ్‌కి ఇచ్చేద్దాం పెద్దమ్మా" అంది. అదీ చూద్దామన్నాను. మా వీధిలో పాత సామాను కొనే అతను వారానికోసారి బండి తోసుకుంటూ వస్తాడు. పేపర్లు, ఇనుము, సీసాలు, కడిగిన పాల కవర్లు తీసుకుంటాడు. ఈ పల్చటి కవర్ల మూట చూపిస్తే చెయ్యి అడ్డం ఊపాడు. "ఇవి నేనేం చేసుకోవాలె అమ్మా? బరువుండయ్, అన్నీ మురికివుంటయ్."

అతని మాటలో ఎంత నిజముందో తెలుసుకుందామని కేకుల కోసం కొన్న చిన్న తూకం మిషను తీసి పది కవర్లు పెట్టాను. 26 గ్రాములు. అంటే కవరు రెండున్నర గ్రాముల పైచిలుకు. కిలో కావాలంటే దాదాపు 385 కవర్లు ఏరాలి, టమాటా రసం, మట్టి, ఆకుల తడి కడగాలి, ఆరబెట్టాలి. అంతా చేస్తే చేతికొచ్చేది కొద్ది రూపాయలు. ఎండలో బండి తోసే మనిషి అందుకెందుకు వంగుతాడు? చెత్త ఏరుకుని బతికేవాళ్లు నీళ్ల సీసాను వదలరు, ఈ కవరును ముట్టుకోరు. సీసాకు బరువుంది, ధర ఉంది. కవరుకు రెండూ లేవు.

స్వచ్ఛ ఆటోలో పొడి చెత్తగా వేస్తే? వేయొచ్చు. కానీ మనం వేసేటప్పటికి దాని లోపల మిగిలిన అన్నమో, వంకాయ తొడిమలో ఉండనే ఉంటాయి. తడి చెత్తతో కలిసిన పల్చటి కవరును మళ్లీ ఎవరూ విడదీయరు. చివరికి మన ఊరి చెత్తంతా చేరే జవహర్‌నగర్ దారి పడుతుంది. కాబట్టి ఈ ఒక్క వస్తువు విషయంలో రీసైక్లింగ్ అనే మాట మనకు మనం చెప్పుకునే ఓదార్పే. ఇంట్లోకి వచ్చాక దాన్నేం చేయాలన్న ప్రశ్నకు మంచి జవాబు లేదు. రాకుండా చూడటమే జవాబు.

ఇక్కడ మీరు "బట్ట సంచి తీసుకెళ్లమంటావు, అంతేగా? ఎన్నిసార్లు వినలేదు" అంటారు. ఆగండి. నేనూ పదేళ్లుగా సరూర్‌నగర్ రైతు బజారుకు పెద్ద బట్ట సంచితోనే వెళ్తున్నాను. వెళ్లి ఏం తెచ్చేదాన్నో తెలుసా? ఆ బట్ట సంచిలో పదకొండు కవర్లు. ఒక వారం పట్టుబట్టి రాసుకున్నాను. పాలకూరకు ఒకటి, తోటకూరకు ఒకటి, కొత్తిమీర, పుదీనా కలిపి ఒకటి, టమాటాలు, బెండకాయలు, వంకాయలు, బీరకాయలు, క్యారెట్, పచ్చిమిర్చి, నిమ్మకాయలు, అల్లం వెల్లుల్లి. పదకొండు. సంచి బట్టది, లోపలి సరుకంతా ప్లాస్టిక్‌లోనే. ప్రచారం చేసేవాళ్లెవరూ ఈ లోపలి కవర్ల సంగతి మాట్లాడరు.

కవరు వద్దని చెప్పలేక తెచ్చుకున్నానా అంటే కాదు. ఇష్టపడే తెచ్చుకున్నాను. ఎందుకంటే ఆ కవరు బజారు నుంచి ఇంటికి మోయడానికి మాత్రమే కాదు. ఇంటికొచ్చాక దాన్ని అలాగే ముడేసి ఫ్రిజ్‌లోకి తోసేస్తాం. అదే నా కూరగాయల డబ్బా. నాకు కావలసింది మోసుకొచ్చే సంచి కాదు, ఫ్రిజ్‌లో పెట్టుకునే సంచి. ఈ సంగతి తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది. కవరు బజారులో పుట్టడం లేదమ్మా, ఫ్రిజ్‌లో పుడుతోంది. ఫ్రిజ్‌కు వేరే ఏర్పాటు చేస్తే బజారులో "కవరొద్దు" అనే మాట దానంతటదే నోటికొస్తుంది.

ఆ ఏర్పాటు ఇది. మావారి పాత నూలు పంచె ఒకటి తీశాను. అడుగు వెడల్పు, రెండున్నర అడుగుల పొడవు ముక్కలుగా చింపి, ఒక్కో ముక్కను మధ్యకు మడిచి, రెండు పక్కలా కుట్టి, పైన మడత పెట్టి పాత లంగా నాడాలు ఎక్కించాను. కిలో టమాటాలు సుఖంగా పడతాయి. కుట్టు రానివాళ్లు బాధపడక్కర్లేదు. పాత నూలు దిండు గలీబులు తీయండి, అవి కుట్టి ఉన్న సంచులే, మూతి దగ్గర ఓ తాడు చుడితే చాలు.

బట్ట నూలుదే కావాలి. మెత్తబడిన పాత వెంకటగిరి చీరైనా, పంచైనా సరే. సిల్కులా జారే సింథటిక్ చీర పనికిరాదు. అనుమానమొస్తే ఓ చుక్క నీళ్లు వేసి చూడండి. వెంటనే పీల్చుకుంటే నూలు. ముత్యంలా పైన నిలబడితే పక్కన పెట్టేయండి. తెల్లటిది, పల్చటిది అయితే లోపలేముందో బయటికే కనిపిస్తుంది. లేకపోతే పచ్చిమిర్చి ఎక్కడుందా అని అన్ని సంచులూ విప్పాలి.

మొదట ఆరు కుట్టాను. సరిపోలేదు. వచ్చే ఆదివారానికి సగం సంచులు ఇంకా ఫ్రిజ్‌లో సగం నిండుగా ఉంటాయి కదా! పది కుడితేనే చక్రం తిరిగింది. కొన్ని లోపల, కొన్ని ఉతుకులో, కొన్ని బజారుకు.

ఇక మొదటి వారం జరిగిన అవమానం కూడా చెప్పాలి. పాలకూర శుభ్రంగా కడిగి, నీళ్లు కారుతుండగానే సంచిలో వేసి పెట్టాను. మూడో రోజు తీస్తే నల్లగా, జిగటగా, వాసనతో ఉంది. మావారు ముక్కు మూసుకుని "పర్యావరణం కుళ్లిపోయిందే!" అన్నారు. ఇంకొకరైతే అక్కడితో ఆపేసి మళ్లీ కవర్ల దగ్గరికి పోయేవారు. నేనూ పోబోయాను. కానీ తప్పు సంచిది కాదు, నాది.

ఆకు కోశాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, తడి వదులుతూనే ఉంటుంది. కవరులో ముడేస్తే ఆ తడి బయటికి పోలేక లోపల చుక్కలు కడుతుంది. చుక్క నిలిచిన చోట ఆకు కుళ్లుతుంది. కవరులో కొత్తిమీర నల్లబడేది అందుకే. బట్ట సంచిలో దీనికి తలకిందులు. తడి బయటికి పోతుంది, కానీ ఫ్రిజ్‌లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఎక్కువే పోతుంది, ఆకు వాడిపోతుంది. అంటే మనం చూసుకోవాల్సింది ఒక్కటే, మరీ తడి కాకూడదు, మరీ పొడి కాకూడదు.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. పాలకూర, తోటకూర, గోంగూర కడగను. కుళ్లిన ఆకులు ఏరేసి, వేళ్లు కోసేసి, నీళ్లలో ముంచి గట్టిగా పిండిన సంచిలో వేసి కింది అరలో పెడతాను. పిండితే చుక్క రాకూడదు, తాకితే చల్లగా ఉండాలి. కడగడం వండే ముందే. కొత్తిమీర, పుదీనా పొడి బట్టలో చుట్టి మూతున్న స్టీలు డబ్బాలో పెడతాను. పచ్చిమిర్చి తొడిమలు తీసి అలాగే డబ్బాలోకే. బెండకాయ, వంకాయ పొడి సంచిలో. టమాటాలు పండేదాకా బయట బుట్టలోనే ఉంటాయి.

రెండో రోజు ఓసారి చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోతుంది. ఆకు తలవాల్చిందంటే తడి తక్కువైంది. కాడలు ఓ అరగంట గిన్నెడు నీళ్లలో నిలబెడితే లేచి కూర్చుంటుంది. జిగట తగిలిందంటే తడి ఎక్కువైంది. దాన్నిక బ్రహ్మ కూడా లేపలేడు, అది తీసేసి మిగతాది ఆ పూటే వండేయాలి. వాడిన ఆకుకు మందుంది, కుళ్లిన ఆకుకు లేదు. అందుకే అనుమానమొస్తే పొడి వైపే మొగ్గండి.

అన్నిటికీ కుదరదు, ఆ మాటా దాచను. బీరకాయ, క్యారెట్, కీరా పొడి సంచిలో రెండు మూడు రోజులకే రబ్బరులా వంగుతాయి. వాటిని తడి సంచిలో పెట్టాలి, లేదా తెచ్చిన మొదటి రెండు రోజుల్లోనే వండేయాలి. సంచుల్ని మాత్రం వారం వారం తువ్వాళ్లతో పాటు ఉతికి ఎండలో వేయాలి. తడిసిన సంచిని ఉండచుట్టి మూల పడేస్తే బూజు చుక్కలొస్తాయి. చేపలకు, మాంసానికి ఈ సంచులు అసలు వద్దు, స్టీలు డబ్బా పట్టుకెళ్లండి.

బజారులో తూకం ఇబ్బందవుతుందని భయపడ్డాను. అవదు. కాంటా తట్టలో తూచి, తట్టనే మన సంచిలోకి వంపించుకోవాలి, అప్పుడు సంచి బరువు గొడవే రాదు. మొదటి రోజు ఆకుకూరలమ్మ నా మూతి విప్పిన సంచి చూసి నవ్వింది. "మంచిగ చేసినవ్ బిడ్డా, కవర్ల కట్ట కొనుడుకే రోజూ పైసలు పోతున్నయ్ నాకు" అంది. మనమేమో ఆమె కవరు ఉచితంగా ఇస్తోందనుకుంటాం. ఒక్క జాగ్రత్త, సంచి మూతి తెరిచి ముందు చెయ్యి చాపాలి. ఆమె వేళ్లు కవరు ఊదేలోపు మనం చెప్పకపోతే పని అయిపోతుంది.

ఇంకో మోసం గురించి చెప్పాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో చీర కొంటే రంగురంగుల సంచి ఇస్తారు. గుడ్డలా మెత్తగా ఉంటుంది, దగ్గరగా చూస్తే చిన్న చిన్న చుక్కలు అద్దినట్టుంటుంది. నేను రెండేళ్లు దాన్ని బట్ట సంచి అనుకుని గొప్పగా తిప్పాను. అది నాన్‌వోవెన్, ప్లాస్టిక్ పోగుల్ని వేడితో అతికించింది. అంచున ఓ దారం లాగి చూడండి. నేసిన బట్టైతే దారం వస్తుంది, దీనికి రాదు, పీచులా చిరుగుతుంది. ప్రభుత్వం కూడా దీన్ని ప్లాస్టిక్ నిబంధనల కిందే లెక్కేసింది. ఉన్నవాటిని చిరిగేదాకా వాడుకోండి, తప్పులేదు. కానీ ఫ్రిజ్‌లో ఆకుకూరకు పనికిరాదు, నీళ్లు పీల్చదు.

ఆ నిబంధనల మాటెత్తాను కాబట్టి చెబుతున్నా. 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీ కవరు దేశంలో ఎక్కడా అమ్మకూడదు. మన వంకాయలు వచ్చే కవరు గాలికి ఎగిరిపోయేంత పల్చన. అంటే తలుపు వెనక వేలాడదీసి, కడిగి, మడిచి మనం దాస్తున్నది ఉండకూడని వస్తువును. దాన్ని తయారుచేసేవాళ్లను వదిలేసి "ఆడవాళ్లు మారాలి" అని మనకు నీతులు చెబితే నాకు కోపమొస్తుంది. చట్టం పని చట్టం చేయాలి. కానీ అది చేసేదాకా నా పాలకూర కుళ్లుతూ కూర్చోవాలా?

"కవర్లు లేకపోతే చెత్తబుట్టలో ఏం వేస్తాం?" అన్నది మా పక్కింటి వదిన. ఇది అసలైన ప్రశ్న. నేను అడుగున రెండు మడతల పాత పేపరు వేస్తున్నాను. తడి చెత్త నేరుగా అందులోనే. పొద్దున ఆటో రాగానే బుట్ట బోర్లించడం, ఓ చెంబు నీళ్లతో కడిగి ఎండలో తిరగేయడం. రెండు నిమిషాలు. పెరుగన్నం, సాంబారు లాంటివి వడకట్టి వేస్తే పేపరు నానిపోదు. చెత్తను కవరులో ముడేసి ఇవ్వడం శుభ్రమని అనుకుంటాం గానీ, ఎరువయ్యే తొక్కల్ని కుళ్లని కవరులో బంధిస్తే రెండూ దేనికీ పనికిరావు.

ఇప్పుడు లెక్క. వారానికి పదకొండు కవర్లకు బదులు నాకిప్పుడు రెండొస్తున్నాయి. సంచి మర్చిపోయిన రోజో, మావారు ఆఫీసు నుంచి వస్తూ ఎల్బీనగర్‌లో ఏదో కొన్న రోజో. వారానికి తొమ్మిది తగ్గాయంటే ఏడాదికి 468. నా మిషను లెక్కన ఆ 468 కవర్ల బరువు కిలోంబావు కూడా లేదు.

"ఇంత హడావుడి చేసి కిలోంబావా?" అని మావారే అడిగారు. బరువుతో కొలిస్తే తక్కువే. కానీ కవరు ఇబ్బంది బరువులో లేదు. 2020 అక్టోబర్ వానలకు సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు ఎలా మునిగాయో ఈ వైపు ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ వరదకు కవర్లే కారణమని నేననను. అంత వానకు, చెరువు దారుల్లో లేచిన ఇళ్లకు కారణాలు వేరే ఉన్నాయి. కానీ మామూలు వానకు మా సందు చివర మ్యాన్‌హోల్ జాలీ మీద నీళ్లు ఎందుకు నిలుస్తాయో నా కళ్లతో చూశాను. కర్రతో కెలికితే రెండే రెండు కవర్లు వచ్చాయి, జాలీకి ప్లాస్టర్‌లా అతుక్కుని. తీయగానే గుడగుడమని నీళ్లు దిగిపోయాయి. ఐదు గ్రాముల ప్లాస్టిక్ అది. జాలీకి కవరు బరువుతో పని లేదు, ఎన్ని వచ్చి పడ్డాయన్నదే లెక్క. ఆ లెక్కలో నా ఇంటి నుంచి 468 తగ్గాయి.

ఇక మిగిలిన రెండు కవర్ల సంగతి. అవి నా వల్ల రావడం లేదు. కూరగాయలు తెచ్చేది మనమొక్కరమే అనుకుని సంచి వంటింట్లో పెట్టుకున్నంత కాలం అవి ఆగవు. అందుకే మూడు సంచులు మడిచి మావారి బండి డిక్కీలో పెట్టేశాను. వాటిని ఖాళీ చేసి మళ్లీ డిక్కీలో పెట్టే బాధ్యత ఆయనదే. మొదట్లో గొణిగారు. ఇప్పుడు ఎవరైనా కవరు ఇవ్వబోతే "మా ఆవిడ ఒప్పుకోదు" అంటున్నారట. నా పేరు చెప్పుకుని అయినా సరే, కవరైతే రావడం లేదు.

పిల్ల వీడియో సంగతా? పూలు మానేశాం. మొదటి పది సెకన్లు కవరులో ముడేసిన నాలుగు రోజుల పాలకూర, చేత్తో ఎత్తితే జారిపోతూ. తర్వాత పది సెకన్లు అదే రోజు కొని తడి సంచిలో పెట్టిన పాలకూర, కాడలు విరిస్తే టక్కుమంటూ. చివరి పది సెకన్లు పంచె చింపి సంచి కుట్టే నా చేతులు. భూమాత గురించి ఒక్క మాట లేదు. బహుమతి వస్తుందో రాదో తెలియదు గానీ, అది తీసిన సాయంత్రమే మా చెల్లెలు ఫోన్ చేసి "అక్కా, అడుగు వెడల్పేనా, ఇంకాస్త ఎక్కువ పెట్టాలా?" అని అడిగింది.

ఆ 143 కవర్లు ఇంకా ఉన్నాయి. పారేయలేదు. వానాకాలంలో తడి గొడుగు చుట్టడానికి, ఊరెళ్లేటప్పుడు చెప్పులు పెట్టడానికి ఒక్కొక్కటీ వాడుతున్నాను. కానీ తలుపు వెనక మేకు ఖాళీ చేశాను. ఇప్పుడక్కడ ఉతికి ఆరేసిన పంచె సంచులు వేలాడుతున్నాయి.